మూకుడు అడుగున ఏముంది?

సాయంత్రం నాలుగింటికి టిఫిన్ హోటల్లో బజ్జీల పొయ్యి వెలిగిస్తారు. ఆరింటికల్లా జనం మూగుతారు. ఏడింటికి వంటగదిలో కళ్లు మండటం మొదలవుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, పొగ మాత్రం కౌంటర్ దాకా వస్తుంది. యజమాని ఫ్యాన్ మార్చాలనుకుంటాడు. మాస్టర్ ఈసారి డబ్బాలో నూనె సరుకు బాగాలేదంటాడు. చాలాసార్లు కారణం ఈ రెండూ కాదు. మూకుడు అడుగున నల్లగా పేరుకున్న పిండి, పొయ్యి మంట దగ్గర చెయ్యి ఆడే తీరు, ఈ రెండిట్లోనే ఉంటుంది.

ముందు నూనెకు ఏమవుతుందో చూద్దాం. జారుగా కలిపిన శనగపిండిలో ముంచిన మిరపకాయను కాగిన నూనెలో వేయగానే చుట్టూ బుడగలు లేస్తాయి. ఆ బుడగలు నూనెవి కావు, పిండిలోని నీరు ఆవిరై బయటికి వస్తోంది. ఆ నీటిలో కొంత పోతూ పోతూ నూనెను విడగొడుతుంది. నూనె అణువులో మూడు కొవ్వు ఆమ్లాలు ఒక గ్లిజరాల్ ముక్కకు అతుక్కుని ఉంటాయి. వేడి మీద నీరు తగిలితే ఆ అతుకు వదులుతుంది, ఆమ్లాలు విడిపోతాయి. విడిపోయిన ఆమ్లాలు ఎంత పెరిగితే నూనె అంత తక్కువ వేడికే పొగ వదులుతుంది. గ్లిజరాల్ మరీ వేడెక్కితే ఆక్రోలిన్ అనే ఘాటైన వాయువు పుడుతుంది. మాడిన నూనె దగ్గర నిలబడితే కళ్లూ ముక్కూ మండటానికి ముఖ్యమైన కారణం అదే. రెండో వైపు నుంచి గాలి పనిచేస్తుంది. గాలిలోని ఆక్సిజన్ కాగే నూనెతో కలిసి దాన్ని కారుగా మారుస్తుంది, తర్వాత అణువులు ఒకదానికొకటి అతుక్కుని నూనె చిక్కబడుతుంది. మూకుడు అంచున గీకినా రాని పసుపురంగు జిగురు పేరుకుంటుంది చూడండి, అది ఇలా అతుక్కున్న నూనే.

ఇలా పాడైన పదార్థాలన్నిటినీ కలిపి ఒకే లెక్కగా కొలుస్తారు. దాన్ని పోలార్ కాంపౌండ్స్ అంటారు. వాడిన నూనెలో ఇవి 25 శాతం దాటితే ఆ నూనెను వంటకు వాడకూడదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన పెట్టింది. అది 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. కొత్త నూనెలో ఈ శాతం సున్నా ఉండదు. పామాయిల్‌లో డబ్బా విప్పిన రోజే ఏడెనిమిది శాతం కనిపించవచ్చు, పొద్దుతిరుగుడు నూనెలో అంతకన్నా తక్కువ. కాబట్టి 25 అన్న గీత అందరికీ ఒకే దూరంలో ఉండదు.

ఇక మూకుడు సంగతి. మన హోటళ్లలో చాలా వరకు ఇనప మూకుడే. మంట అడుగున తగులుతుంది, కాబట్టి అన్నిటికన్నా వేడి చోటు అడుగే. బజ్జీ వేసేటప్పుడు రాలే పిండి చుక్కలు మొదట తేలతాయి, వేగాక బరువెక్కి అడుక్కు దిగుతాయి. అంటే వాడిన పిండి తునకలన్నీ ఏరి కోరి అతి వేడి చోటుకే చేరతాయి. అక్కడ నల్లబడి మాడి, చుట్టూ ఉన్న నూనెను కూడా మాడుస్తాయి. పెద్ద రెస్టారెంట్లలో వాడే గ్యాస్ ఫ్రయర్‌లో వేడి గొట్టాలు నూనె మధ్యలో ఉంటాయి, వాటి కింద కొంత నూనె చల్లగా నిలిచి ఉంటుంది. రాలిన తునకలు గొట్టాల మధ్య నుంచి ఆ చల్లని అడుగులోకి దిగి, మాడకుండా అలాగే పడి ఉంటాయి. అదే నూనె, అదే పిండి, కానీ ఫ్రయర్‌లో ఎక్కువ కాలం నిలుస్తుంది. మూకుడు ఉన్నచోట ఆ పని మనిషే చేయాలి. ప్రతి వాయి తీశాక, తర్వాతి వాయి వేసేముందు, చిల్లులు సన్నగా ఉన్న జల్లి గరిటెతో పైన తేలే తునకలు తీసేయాలి. అవి తేలుతున్న ఆ ఒకటి రెండు నిమిషాలే అదను. దిగిపోయాక తీయడం కష్టం, నూనెను కలిపితే మాడింది పైకి లేచి కొత్త బజ్జీకి అంటుకుంటుంది.

ఏ వంటకం ఎంత మడ్డి వదులుతుందో తెలిస్తే వరస కూడా కుదురుతుంది. గారెలు పెద్దగా రాల్చవు. పూరీలు పొడి పిండి అద్ది ఒత్తితే ఆ పిండంతా నూనెలోకి దిగుతుంది, అదే కొద్దిగా నూనె రాసి ఒత్తితే దిగదు. ఈ ఒక్క మార్పుతో పొద్దుటి మూకుడులోని మడ్డి సగానికి పైగా తగ్గడం చాలామంది మాస్టర్లు చెప్పే మాట, నాకూ నమ్మదగిందే అనిపిస్తుంది. బజ్జీలు, పునుగులు, పకోడీలు ఎక్కువ రాలుస్తాయి. కారం, పసుపు కలిపిన మసాలా పిండి వాటికన్నా ఎక్కువ. అందుకని పొద్దున పూరీ, గారె వేగిన నూనెను సాయంత్రం బజ్జీలకు వాడొచ్చు కానీ, బజ్జీలు వేగిన నూనెలో మర్నాడు పూరీలు వేయకూడదు. పూరీ తెల్లగా ఉండాల్సిన వస్తువు, నూనె వయసును అదే ముందుగా బయటపెడుతుంది.

సోడా గురించి ఒక మాట. బజ్జీ పిండిలో వంట సోడా కాస్త ఎక్కువైతే నూనె తొందరగా నురగ కడుతుంది. విడిపోయిన కొవ్వు ఆమ్లాలూ సోడాలోని క్షారమూ కలిస్తే సబ్బు తయారవుతుంది. నిజంగానే సబ్బు. సన్నని నురగ పైకి పొంగి, మూకుడు దాటి పొయ్యి మీద పడే ప్రమాదం కూడా తెచ్చేది అదే. మూకుడును సబ్బుతో కడిగి సరిగ్గా నీళ్లు పోయకుండా పక్కన పెట్టినా ఇదే జరుగుతుంది. రాగి, ఇత్తడి పాత్రలు అసలు వాడకూడదు. ఆ లోహాలు నూనెకూ గాలికీ మధ్య జరిగే చర్యను వేగవంతం చేస్తాయి. ఇనుము కూడా కొంత చేస్తుంది. మూకుడు మీద నల్లగా గట్టిపడిన పూత ఆ కొంతను కూడా చాలా మేరకు అడ్డుకుంటుంది కాబట్టి దాన్ని తోమి తెల్లగా చేయాలని చూడకండి. పైన జిగురుగా అంటిన కొత్త పొర మాత్రం తీసేయాలి.

ఇప్పుడు వడకట్టడం. రద్దీ హోటల్లో రోజుకు ఒకసారి తప్పనిసరి, బజ్జీలు ఎక్కువైతే పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. పని ఆపాక నూనెను అరవై డిగ్రీల దరిదాపులకు చల్లారనివ్వాలి. నూట ఎనభై డిగ్రీల నూనెను ఇద్దరు పట్టుకుని వంచడం వల్లే వంటగదుల్లో కాలిన గాయాలు అవుతాయి. పూర్తిగా చల్లారనిచ్చినా ఇబ్బందే. చలికాలం పొద్దున్నే పామాయిల్ గడ్డకట్టి గుడ్డలోంచి దిగదు. స్టీలు జల్లెడ మీద దట్టమైన కాటన్ గుడ్డ లేదా వంట వడపోతకు అమ్మే కాగితం పరిచి, పైనుంచి నెమ్మదిగా పోయాలి. అడుగున రెండు అంగుళాల మడ్డి మూకుడులోనే మిగలనివ్వండి, దాన్ని ఎప్పుడూ మంచి నూనెలోకి వంచొద్దు. తర్వాత మూకుడు తుడిచి, నీటి తడి లేకుండా ఆరనిచ్చి, నూనెను మూత ఉన్న స్టీలు డ్రమ్ములో పోసి వెలుతురు తగలని చోట పెట్టాలి. పెద్ద వంటశాలల్లో పంపు ఉన్న వడపోత యంత్రాలు వాడతారు, వాటితో మెగ్నీషియం సిలికేట్ అనే పొడి కూడా కలుపుతారు. ఆ పొడి విడిపోయిన ఆమ్లాలలో కొంత పీల్చేస్తుంది.

వడకట్టడం ఏం చేస్తుందో, ఏం చేయలేదో స్పష్టంగా తెలియాలి. తునకలు పోతాయి, మాడు వాసన తగ్గుతుంది, రంగు కాస్త తేటపడుతుంది. కానీ నూనెలో కరిగి ఉన్న ఆమ్లాలు, అతుక్కున్న అణువులు గుడ్డలోంచి నూనెతో పాటే జారిపోతాయి. పాడైన నూనె వడకట్టినంత మాత్రాన మంచిది కాదు. మంచి నూనె మాత్రం తొందరగా పాడవకుండా నిలుస్తుంది.

మరి పూర్తిగా ఎప్పుడు మార్చాలి? ఇక్కడ జనం నమ్మేదానికి తలకిందులుగా ఉండే సంగతి ఒకటుంది. రద్దీగా ఉండే కొట్టులో నూనె పాతది, ఖాళీగా ఉండే కొట్టులో కొత్తది అనుకుంటాం. అసలు లెక్క వేరు. బజ్జీ వేగేటప్పుడు కొంత నూనె పీల్చుకుని వెళుతుంది, ఆ తరుగును కొత్త నూనెతో నింపుతారు. ఎంత ఎక్కువ నింపితే నూనె అంత తేటపడుతుంది.

లెక్క వేసి చూద్దాం. రెండు కొట్లు, రెండిట్లోనూ పన్నెండు కిలోల నూనె పట్టే మూకుడు. రద్దీ కొట్టులో రోజుకు పాతిక కిలోల బజ్జీలు పోతాయి, అవి నాలుగు కిలోల దాకా నూనె తీసుకుపోతాయి. అంటే మూడో వంతు. ఖాళీ కొట్టులో ఎనిమిది కిలోలు పోతాయి, కిలోం పావు కన్నా కాస్త ఎక్కువ నూనె తీసుకుపోతుంది. అది తొమ్మిదో వంతు. కానీ రెండు కొట్లలోనూ పొయ్యి సాయంత్రమంతా వెలుగుతూనే ఉంటుంది. కొత్త నూనె ఎనిమిది శాతంతో మొదలై, రోజంతా కాగితే రెండు చోట్లా అయిదు శాతం పెరుగుతుందనుకుందాం. రద్దీ కొట్టులో తొలిరోజు రాత్రికి 13, మూడో వంతు కొత్త నూనె కలిపాక 11 చిల్లర. రెండోరాత్రికి 16 దాటుతుంది, నింపాక 13న్నర. ఇలా సాగితే ఏ రోజుకారోజు పెరుగుదల తగ్గిపోయి, రాత్రి లెక్క 23 దగ్గర ఆగిపోతుంది. గీత దాటదు. ఖాళీ కొట్టులో తొలిరాత్రి 13, నింపాక 12న్నరకు దగ్గర. రెండోరాత్రికి 17 దాటుతుంది, మూడోరాత్రికి 21, నాలుగోరాత్రికి 25 అంచున నిలబడుతుంది, అయిదో రాత్రికి 28. అమ్మకం తక్కువగా ఉన్న కొట్టులోనే నూనె ముందుగా గీత దాటింది.

ఈ లెక్కలో రెండు ఊహలున్నాయి. పెరుగుదల రోజూ ఒకే వేగంతో ఉంటుందనుకున్నాం. నిజానికి పాడైన నూనె మరింత తొందరగా పాడవుతుంది, అప్పటికే ఉన్న చెడు పదార్థాలు చర్యను ఎగదోస్తాయి. రెండు కొట్లలోనూ ఒకే పెరుగుదల అనుకోవడం రెండో ఊహ. రద్దీ కొట్టులో నీరు, పిండి ఎక్కువగా పడతాయి కాబట్టి కాస్త ఎక్కువే ఉండాలి. అయినా దిశ మారదు. అందుకే కర్మాగారాల్లో చిప్స్ వేయించేవారు నూనెను తరచూ పారబోయనక్కర్లేకుండా, కొత్త నూనె పోస్తూనే నెట్టుకురాగలుగుతారు. ఖాళీ కొట్టుకు దారి ఒకటే, చిన్న మూకుడు. అమ్మకానికి తగ్గ మూకుడు పెట్టుకుంటే నింపే వంతు పెరుగుతుంది. గీత దాటిన నూనెలో కొత్త నూనె పోసి గీత కిందికి దించుదామనే ఆలోచన మాత్రం పనికిరాదు. కొత్త నూనె కూడా ఆ వేగంతోనే పాడవుతుంది.

ఈ శాతం కొలిచే మీటర్లు దొరుకుతాయి. చిన్న ప్రోబ్‌ను కాగిన నూనెలో ముంచితే తెర మీద సంఖ్య కనిపిస్తుంది. బజ్జీలు తీసిన వెంటనే ముంచొద్దు. నీటి ఆవిరి బుడగలు ఉంటే మీటర్ తప్పు చూపిస్తుంది, అయిదు నిమిషాలు ఆగి, నూనె నిలకడ పడ్డాక ముంచాలి. ప్రోబ్ మూకుడు లోహానికి తగలకూడదు. చవకగా దొరికే రంగు కాగితాలు విడిపోయిన ఆమ్లాలను మాత్రమే చూపిస్తాయి, అది మొత్తం లెక్కలో ఒక భాగమే. ఏదీ లేనివాళ్లకు కళ్లూ ముక్కూ ఉన్నాయి, కానీ చూడాల్సింది రంగు కాదు. పసుపు, కారం కలిసిన పిండి మంచి నూనెను కూడా రెండు గంటల్లో ఎర్రబరుస్తుంది. రంగు మారని నూనె లోపల పాడై ఉండొచ్చు కూడా. చూడాల్సింది నురగను. మంచి నూనెలో బుడగలు పెద్దవి, బజ్జీ తీయగానే చల్లారిపోతాయి. పాడైన నూనెలో సన్నగా, పసుపుగా, నెమ్మదిగా పాకుతూ అంచుదాకా వచ్చే నురగ, తీసిన తర్వాత కూడా నిలిచే ఉంటుంది. రెండోది, బజ్జీ పైన తొందరగా ఎర్రబడి లోపల పిండి పచ్చిగా మిగలడం. మూడోది, బజ్జీ వేసే వేడికి ముందే పొగ రావడం.

ఆ మూడోదాని దగ్గరే నూనె కథా పొగ కథా కలుస్తాయి. కొత్త రిఫైన్డ్ నూనె రెండువందల ఇరవై డిగ్రీలు దాటాకే పొగ వదులుతుంది. బజ్జీకి కావాల్సింది నూట డెబ్భై అయిదు నుంచి నూట ఎనభై. మధ్యలో నలభై డిగ్రీల తేడా ఉంది. ఆమ్లాలు పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతూ తగ్గుతూ వస్తుంది. నూట డెబ్భైకే పొగ వచ్చే నూనెను మార్చేయడం తప్ప మార్గం లేదు, ఎందుకంటే ఆ నూనెలో ఏ బజ్జీ వేసినా పొగ వస్తూనే ఉంటుంది. గానుగ నూనెల్లో అసలు ఈ తేడాయే తక్కువ, వాటి పొగ హద్దు నూట అరవై దగ్గరే మొదలవుతుంది. ఇంట్లో తాలింపుకు బాగుంటాయి, రద్దీ మూకుడుకు తగవు.

నూనె బాగున్నా పొగ రావడానికి పెద్ద కారణం మంట. ఒకేసారి ముప్పై బజ్జీలు వేస్తే నూనె వేడి ఒక్కసారిగా పడిపోతుంది. మాస్టర్ మంట పూర్తిగా తెరుస్తాడు. బజ్జీలు తీసే సమయానికి వేడి మళ్లీ ఎక్కుతుంది, కానీ మంట అలాగే ఉంటుంది, మూకుడులో ఏమీ లేదు, తర్వాతి వాయికి పిండి కలుపుతున్నారు. ఆ రెండు మూడు నిమిషాల్లో నూనె రెండువందలు దాటిపోతుంది. పొగలో ఎక్కువ భాగం పుట్టేది అప్పుడే. బజ్జీలు తీయడానికి అర నిమిషం ముందే మంట తగ్గిస్తే, తర్వాతి వాయి వేసేసరికి నూనె సరైన వేడిలో ఉంటుంది. వాయి చిన్నది చేస్తే వేడి పడిపోవడం తగ్గుతుంది, అప్పుడు మంటను పూర్తిగా తెరవాల్సిన అవసరమే రాదు. ఒక కిలో వస్తువుకు కనీసం ఆరు, వీలైతే పది కిలోల నూనె ఉండేలా చూసుకుంటే చాలు. మధ్యలో ఆర్డర్లు లేనప్పుడు మంట సిమ్‌లో పెట్టి, నూనెను నూట ఇరవై దగ్గరికి దిగనివ్వాలి. ఖాళీగా కాగే నూనె పొగ వదలకపోయినా గాలి తగిలి పాడవుతూనే ఉంటుంది. స్టీలు ప్రోబ్ ఉన్న థర్మామీటర్ ఒకటి మూకుడు అంచున కట్టి పెట్టుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా చవకైన పనిముట్టు. పిండి చుక్క వేసి చూసే మాస్టర్ల అనుభవం నిజమైనదే, కానీ రద్దీలో ఆ చుక్క వేసే తీరిక ఎవరికీ ఉండదు.

అయినా మిగిలే పొగకు హుడ్ కావాలి. మూకుడు మీంచి లేచేదంతా పొగ కాదు, తెల్లగా లేచి కాసేపటికి మాయమయ్యేది ఆవిరి. దానితో పాటు సన్నని నూనె తుంపరలు వస్తాయి, గోడలకు జిడ్డు పట్టేది వాటివల్లే. నీలంగా, నిలిచి ఉండి కళ్లు మండించేది పొగ. హుడ్ మూకుడు కన్నా అన్ని వైపులా జానెడు వెడల్పుగా ఉండాలి, కింది అంచు మాస్టర్ తలకు తగలకుండా వీలైనంత కిందికి దిగాలి. గోడకు బిగించిన మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ గది గాలిని లాగుతుంది, మూకుడు మీంచి లేచే పొగను పట్టుకోలేదు. హుడ్ లోపల ఏటవాలుగా పెట్టే బాఫిల్ ఫిల్టర్ నూనె తుంపరలను పట్టి, కిందున్న గిన్నెలోకి కార్చేస్తుంది. సన్నని వైర్ మెష్ జిడ్డు పట్టి మూసుకుపోతుంది, ఆ తర్వాత ఫ్యాన్ ఎంత పెద్దదైనా గాలి రాదు, పైగా మంట అంటుకుంటే మెష్‌లోని జిడ్డే ముందుగా మండుతుంది.

హుడ్ పెట్టాక కూడా పొగ బయటికి పోవడం లేదంటే నేను ముందుగా చూసేది పక్కన తిరిగే ఫ్యాన్. మాస్టర్‌కు చెమట పడుతుందని మూకుడు పక్కనే టేబుల్ ఫ్యాన్ పెడతారు. పొగ నిట్టనిలువుగా పైకి లేచి హుడ్‌లోకి వెళ్లాలి, ఆ ఫ్యాన్ దాన్ని అడ్డంగా తోసి హాల్లోకి పంపిస్తుంది. ఫ్యాన్‌ను మాస్టర్ వెనక నుంచి, మూకుడు ఎత్తుకన్నా కిందికి తిప్పాలి. రెండోది, లోపలికి గాలి వచ్చే దారి. హుడ్ ఎంత గాలి లాగుతుందో అంత గాలి బయటి నుంచి వంటగదిలోకి రావాలి. ఏసీ హాల్ కోసం తలుపులు, కిటికీలు మూసేసి, హుడ్ మాత్రం పూర్తి వేగంతో నడిపితే లోపల గాలి చాలక హుడ్ పనితీరు పడిపోతుంది. తలుపు కాస్త తెరిస్తే అది తనంతట తాను లోపలికి లాక్కుంటుందా, వంటగదికీ హాలుకూ మధ్య తలుపు వంటగది వైపు గట్టిగా పీల్చుకుంటుందా, చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. రాత్రి పని అయ్యాక బాఫిల్ ఫిల్టర్లను వేడినీళ్లు, సబ్బుతో కడిగి ఆరబెట్టాలి, జిడ్డు గిన్నె ఖాళీ చేయాలి. ఇక మూకుడులో నూనె అంటుకుంటే గ్యాస్ ఆపి మూత పెట్టడమే. నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. ఇలాంటి మంటకు వంట నూనెల కోసమే చేసిన తడి రసాయన ఆర్పే సిలిండర్ వేరే దొరుకుతుంది, పొయ్యికి దూరంగా, తలుపు దగ్గర ఉండాలి.

చివరికి గీత దాటిన నూనెను ఏం చేయాలి? డ్రైనేజీలో పోస్తే పైపు గడ్డకడుతుంది. చిన్న బండ్లవారికి చవకగా అమ్మేయడం ఇప్పటికీ జరుగుతోంది, అది చేయకూడనిది, ఎందుకంటే అక్కడ అదే నూనె మళ్లీ మూకుడులోకే వెళుతుంది. ఆహార భద్రతా సంస్థ 2018 ఆగస్టులో వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే కార్యక్రమం మొదలుపెట్టింది. వేయించడానికి రోజుకు 50 లీటర్లు దాటి నూనె వాడే వ్యాపారాలు 2019 మార్చి నుంచి ఎంత కొన్నారో, ఎంత వాడారో, వాడినదాన్ని ఎవరికి ఇచ్చారో రిజిస్టర్ రాయాలి, గుర్తింపు పొందిన సేకరణదారులకే ఇవ్వాలి. సగటు టిఫిన్ హోటల్ ఆ హద్దు కిందే ఉంటుంది. అయినా ఓ చిన్న పుస్తకం పెట్టుకుని రోజూ నాలుగు గళ్లు నింపితే పని తేలిక: ఎంత కొత్త నూనె పోశారు, ఎన్నిసార్లు వడకట్టారు, రాత్రి మీటర్ ఏం చూపింది, ఎప్పుడు ఖాళీ చేశారు. పది పదిహేను రోజులు రాస్తే తన మూకుడు పరిమాణం సరైనదో కాదో యజమానికే అర్థమవుతుంది.